"తక్కువ కాకుండా", "మించరాదు": 18 మందిలో 12 మంది సరిపోతారా, 13 మంది కావాలా?

కృష్ణవేణి_గ్రూప్2

సభ్యులందరికీ నమస్కారం. గ్రూప్-2 పాలిటీ చదువుతూ రాజ్యాంగం పదో షెడ్యూలు నాలుగో పేరా దగ్గర ఆగిపోయాను. శాసనసభా పక్షంలోని సభ్యులలో మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండా అంగీకరిస్తేనే పార్టీ విలీనం జరిగినట్టు భావించాలని అందులో ఉంది. ఈ ఒక్క వాక్యాన్ని నా దగ్గరున్న మూడు పుస్తకాలు మూడు రకాలుగా రాశాయి. ఒకదానిలో "మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ మంది" అని, రెండోదానిలో "కనీసం మూడింట రెండు వంతుల మంది" అని, మూడోదానిలో "మూడింట రెండు వంతుల వరకు" అని ఉంది. ఒక పక్షంలో 18 మంది ఉంటే విలీనానికి 12 మంది చాలా, 13 మంది కావాలా?

ఇదే చిక్కు 164(1ఎ) అధికరణలోనూ ఎదురైంది. ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య శాసనసభ మొత్తం సభ్యుల సంఖ్యలో 15 శాతానికి మించరాదని, అదే సమయంలో 12కు తగ్గరాదని అందులో ఉంది. తెలంగాణ శాసనసభలో 119 మంది సభ్యులు కాబట్టి 15 శాతం అంటే 17.85. పత్రికలు మాత్రం గరిష్ఠ సంఖ్య 18 అని రాస్తాయి. పరీక్షలో ఏది రాయాలో, అంతకంటే ముఖ్యంగా ఎందుకు రాయాలో తెలియజేయగలరు.

గోదావరి_గట్టు

కృష్ణవేణి గారూ, దీన్ని ఇంత కష్టపెట్టుకోవలసిన పని లేదు. "తక్కువ" అన్న మాటకు "కాకుండా" అన్న నిషేధం చేరితే అర్థం తిరగబడి "ఎక్కువ" అవుతుంది. మీ మొదటి పుస్తకం చెప్పినదే సరైనది. 18లో మూడింట రెండు వంతులు 12 కాబట్టి అంతకంటే ఎక్కువ, అంటే 13 మంది ఉండాలి. మూడో పుస్తకంలోని "వరకు" మాత్రం పూర్తిగా తలకిందులు. అలా చదివితే ఒక్కరు వెళ్లినా విలీనమే అవుతుంది.

విశ్రాంత_సెక్షన్_ఆఫీసర్

గోదావరి గట్టు గారు దిశను సరిగ్గా పట్టుకున్నారు గాని హద్దును జారవిడిచారు. "తక్కువ"ను కాదంటే మిగిలేది "ఎక్కువ" ఒక్కటే కాదు, "సమానం" కూడా మిగులుతుంది. ఏ రెండు సంఖ్యలను పోల్చినా మూడు స్థితులు ఉంటాయి: తక్కువ, సమానం, ఎక్కువ. నిబంధన అందులో ఒకదాన్ని కొట్టేసినప్పుడు తక్కిన రెండూ చెల్లుతాయి. కాబట్టి 18 మందిలో 12 మంది సరిపోతారు, మీ రెండో పుస్తకంలోని "కనీసం" అన్న మాటే మూలానికి సరిసమానం.

నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇలాంటి వాక్యాలను ఒకే పద్ధతిలో చదివేవాడిని. ముందుగా నిబంధన ఏది కావాలంటోందో చూడకుండా, ఏది వద్దంటోందో చూస్తాను. ఈ పేరా వద్దంటున్నది "మూడింట రెండు వంతుల కంటే తక్కువ" అన్న స్థితిని. ఆ తరువాత హద్దు దగ్గరి మూడు సంఖ్యలను వరుసగా అడుగుతాను. 11 మంది తక్కువా? అవును, కాబట్టి చెల్లదు. 12 మంది తక్కువా? కాదు, సరిగ్గా అంతే, కాబట్టి చెల్లుతుంది. 13 మంది తక్కువా? కాదు, చెల్లుతుంది. ఎప్పుడూ మధ్యలోని సంఖ్య దగ్గరే తేడా బయటపడుతుంది. ఆ సంఖ్యను అడగకుండా వదిలేసి 5, 17 వంటి దూరపు సంఖ్యలతో సరిచూసుకునేవారికి "ఎక్కువ", "కనీసం" రెండూ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది.

మీరు ఎంచుకున్న 18 అన్న సంఖ్య కల్పితం కాదు. 2018 ఎన్నికల తరువాత తెలంగాణ శాసనసభలో కాంగ్రెస్ సభ్యులు 19 మంది. 2019 జూన్‌లో వారిలో ఒకరు లోక్‌సభకు ఎన్నికై శాసనసభ్యత్వానికి రాజీనామా చేయడంతో పక్షం బలం 18కి చేరింది. ఆ వెంటనే 12 మంది అప్పటి తెరాసలో విలీనమైనట్టు సభాపతి గుర్తించారు. 19 మంది ఉండగా మూడింట రెండు వంతులంటే 12.67 కాబట్టి 12 మంది తక్కువ పడేవారు, 13వ వ్యక్తి కావలసి వచ్చేది. 18 అయ్యాక 12 సరిగ్గా హద్దు మీద నిలిచింది. అదే నెలలో రాజ్యసభలో తెలుగుదేశం సభ్యులు ఆరుగురిలో నలుగురు భాజపాలో చేరారు. అది కూడా సరిగ్గా మూడింట రెండు వంతులే. నిబంధనలో "కంటే ఎక్కువ" అని ఉండి ఉంటే రెండు సందర్భాలలోనూ ఒక్కొక్కరు తక్కువయ్యేవారు.

ఒక్క మాట జోడించాలి. ఈ సంఖ్య ఉన్నంత మాత్రాన విలీనం చెల్లుతుందా, మూల రాజకీయ పార్టీ కూడా విలీనం కావాలా అన్నది వేరే వివాదం. ఇక్కడ నేను చెబుతున్నది సంఖ్యను ఎలా చదవాలన్నంత వరకే.

శ్రీలత_హెచ్ఆర్

మాస్టారూ, మీరు చెప్పినదాన్ని బట్టి నా విషయంలో అన్యాయం జరిగిందనిపిస్తోంది. గ్రాట్యుటీకి "ఐదేళ్లకు తక్కువ కాని" నిరంతర సేవ ఉండాలని 1972 చట్టంలో ఉండేది. నేను గతంలో పనిచేసిన ఒక సంస్థలో సరిగ్గా ఐదేళ్లు పూర్తయిన రోజున రాజీనామా అమల్లోకి వచ్చింది. అక్కడి వారు "ఐదేళ్లు దాటాలి, మీవి దాటలేదు" అని మొదట నిరాకరించారు, చాలా ఉత్తరాలు రాశాక ఇచ్చారు. తరువాత మరో సంస్థలో ఏడేళ్ల ఆరు నెలలు పనిచేశాను. ఆరు నెలలను ఏడాదిగా లెక్కించి ఎనిమిదేళ్లకు ఇవ్వాలని అడిగితే ఏడేళ్లకే ఇచ్చారు. మొదటి చోట హద్దు సంఖ్య చెల్లినప్పుడు రెండో చోట కూడా చెల్లాలి కదా? మీ పద్ధతి ప్రకారం ఆరు నెలలు "తక్కువ" కాదు.

విశ్రాంత_సెక్షన్_ఆఫీసర్

శ్రీలత గారూ, మొదటి సంస్థ విషయంలో మీరు చెప్పినది పూర్తిగా న్యాయం. "తక్కువ కాని" అంటే సరిగ్గా ఐదేళ్లు నిండినా చాలు, "దాటాలి" అన్నది వారు కలిపిన మాట.

రెండో దానిలో మాత్రం వాక్యం వేరు. ఎన్ని సంవత్సరాలకు లెక్కించాలో చెప్పేచోట ఆ చట్టం "పూర్తయిన ప్రతి సంవత్సరానికి, లేదా ఆరు నెలలకు మించిన భాగానికి" అంది. అక్కడ "తక్కువ కాని" అన్న మాట లేదు, "మించిన" అన్న మాట ఉంది. సరిగ్గా ఆరు నెలలు ఆరు నెలలను మించవు. మీకు ఇంకొక్క రోజు సేవ ఉండి ఉంటే ఎనిమిదేళ్లకు వచ్చేది. అర్హతకు హద్దును లోపల పెట్టిన చట్టమే, లెక్క కట్టేచోట హద్దును బయట పెట్టింది. ఒక వాక్యంలో పనిచేసిన అర్థాన్ని పక్క వాక్యానికి మోసుకుపోవడం వల్లే ఎక్కువ తగాదాలు వస్తాయి. ప్రతి వాక్యం దగ్గరా హద్దు సంఖ్యను మళ్లీ అడగాల్సిందే.

నాలుగేళ్ల 240 రోజులకు గ్రాట్యుటీ వస్తుందా అన్న ప్రశ్న ఇక్కడ ఎవరో తప్పక అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. అది "తక్కువ కాకుండా" అన్న మాటకు సంబంధించినది కాదు, "సంవత్సరం" అంటే ఏమిటో చెప్పే నిబంధనకు సంబంధించినది. దానికి వేరే చర్చ తెరవడం మంచిది.

ఎక్సెల్_అప్పారావు

నేను ఒక సంఘానికి ఎన్నికల, తీర్మానాల లెక్కలు చూస్తాను. మా నిబంధనావళిలో కూడా "మూడింట రెండు వంతులకు తక్కువ కాని ఆమోదం" అని ఉంది. ఇక్కడ అందరూ సరిగ్గా చదివినా, దాన్ని లెక్కలోకి మార్చేటప్పుడు మరో చోట తప్పు దూరుతుందని చెప్పడానికి రాస్తున్నాను. మూడింట రెండు వంతులను చాలామంది 67 శాతం అని రాసుకుంటారు. 18 మందిలో 12 మంది అంటే 66.67 శాతం. షీటులో 0.67తో పోల్చితే 12 మంది ఓడిపోయినట్టు చూపిస్తుంది. అక్షరాల్లో హద్దు చెల్లుతుంది, షీటులో చెల్లదు. అందుకని భిన్నాన్ని దశాంశంగా మార్చకుండా రెండు వైపులా గుణించి పోల్చాలి. కృష్ణవేణి గారి మూడు నిబంధనలూ ఇలా వస్తాయి.

```
3*a >= 2*n
100*m <= 15*t
m >= 12
```

ఇందులో `a` అంగీకరించినవారు, `n` పక్షం బలం, `m` ముఖ్యమంత్రితో కలిపి మంత్రులు, `t` సభ మొత్తం సభ్యులు. మొదటి వరుసలో 12, 18 పెడితే రెండు వైపులా 36 వస్తుంది, గుర్తులో సమానం ఉంది కాబట్టి చెల్లుతుంది. "తక్కువ" అన్న మాట చెవిన పడగానే చెయ్యి తనంతట తాను `<` గుర్తు వైపు వెళుతుంది. మా పాత షీటులో ఉన్నది సరిగ్గా అదే. ఒక తీర్మానంలో ఆమోదం తెలిపినవారు పెరిగేకొద్దీ ఫలితం "వీగిపోయింది" వైపు వెళ్లడంతో అది బయటపడింది. కాబట్టి షీటు తయారు కాగానే పూర్తి ఆమోదం ఉన్న అంకె ఒకటి, సున్నా ఉన్న అంకె ఒకటి పెట్టి చూస్తే దిశ తిరగబడిందో లేదో తెలిసిపోతుంది. హద్దు తప్పిందో లేదో మాత్రం అలా తెలియదు, దానికి మాస్టారు చెప్పిన మధ్య సంఖ్యే కావాలి.

కృష్ణవేణి_గ్రూప్2

ధన్యవాదాలు అప్పారావు గారూ. రెండో వరుసలో 18, 119 పెట్టి చూశాను. ఎడమవైపు 1800, కుడివైపు 1785 వస్తోంది, అంటే చెల్లడం లేదు. 17 పెడితే చెల్లుతోంది. మరి తెలంగాణలో ముఖ్యమంత్రితో కలిపి 18 మంది మంత్రులు నిజంగానే ఉన్నారు కదా? 2019 సెప్టెంబర్ విస్తరణ తరువాత మంత్రివర్గం 18 అయిందని నా నోట్సులో ఉంది.

గోదావరి_గట్టు

17.85 అన్నది 18కి దగ్గర. అర్ధానికి మించిన భాగాన్ని పై అంకెకు సవరించడం లెక్కల్లో మామూలు పద్ధతి. అందుకే 18.

విశ్రాంత_సెక్షన్_ఆఫీసర్

దగ్గరి అంకెకు సవరించడం తూకాలలో, మార్కులలో చెల్లుతుంది గాని "మించరాదు" అన్న చోట చెల్లదు. 18 మంది 119లో 15.13 శాతం అవుతారు, అది 15ను మించింది. "మించరాదు" అన్నప్పుడు భిన్నం ఎంత పెద్దదైనా కింది పూర్ణాంకానికే దిగాలి, "తక్కువ కాకుండా" అన్నప్పుడు భిన్నం ఎంత చిన్నదైనా పై పూర్ణాంకానికే ఎక్కాలి. ఇందాక 12.67 మనల్ని 13కు చేర్చింది దగ్గరి అంకె కావడం వల్ల కాదు. అది 12.1 అయి ఉన్నా 13 మందే కావలసి వచ్చేది.

అయితే 18 ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు పోలికలో లేదు, "మొత్తం సభ్యుల సంఖ్య" అన్న మాటలో ఉంది. అప్పట్లో తెలంగాణ శాసనసభలో ఎన్నికైన 119 మందికి తోడు నామినేట్ అయిన ఆంగ్లో ఇండియన్ సభ్యుడు ఒకరు ఉండేవారు. మొత్తం 120. అందులో 15 శాతం సరిగ్గా 18. అప్పారావు గారి రెండో వరుసలో 18, 120 పెట్టండి, రెండు వైపులా 1800 వస్తుంది. హద్దును తాకింది గాని మించలేదు, కాబట్టి 2019లో 18 మంది పూర్తిగా నిబంధనకు లోబడే ఉన్నారు.

ఆ తరువాత 104వ రాజ్యాంగ సవరణతో 2020 జనవరి 25 నుంచి ఆ నామినేషన్ సదుపాయం ఆగిపోయింది. ఆపై ఏర్పడిన సభలో సభ్యులు 119 మందే. పత్రికలు పాత 18నే రాస్తూ వస్తున్నాయి. వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివితే ఇప్పుడు 17 దగ్గరే ఆగాలని నా అభిప్రాయం.

ఆంధ్రప్రదేశ్‌కు ఈ బాధ లేదు. 175లో 15 శాతం 26.25, నామినేటెడ్ సభ్యునితో కలిపి 176 అనుకున్నా 26.4. రెండింటికీ 26 దగ్గరే ఆగుతాం. 2019లో అక్కడ ముఖ్యమంత్రితో కలిపి 26 మంది ఉన్నారు. ఇక్కడ కొందరు 26 మంది మంత్రులు, వారికి అదనంగా ముఖ్యమంత్రి అని లెక్కిస్తారు, అది కూడా తప్పే. "ముఖ్యమంత్రితో కలిపి" అన్న మాట వాక్యంలోనే ఉంది.

బార్_కౌన్సిల్_బాటసారి

మాస్టారి చదువుతో చాలావరకు ఏకీభవిస్తాను గాని 17 అని అంత కచ్చితంగా చెప్పడానికి నేను వెనకాడతాను. వ్యక్తులను ముక్కలు చేయలేం కాబట్టి భిన్నం వచ్చినప్పుడు ఏ వైపుకు సవరించాలో 164(1ఎ) స్వయంగా చెప్పలేదు. భిన్నాన్ని ఎలా సవరించాలో చెప్పదలచుకున్న చట్టాలు స్పష్టంగానే చెబుతాయి. 2013 కంపెనీల చట్టంలో లిస్టెడ్ కంపెనీ డైరెక్టర్లలో కనీసం మూడింట ఒక వంతు స్వతంత్ర డైరెక్టర్లు ఉండాలన్నప్పుడు, భిన్నం వస్తే దాన్ని ఒకటిగా లెక్కించాలని విడిగా వివరణ ఇచ్చారు. రాజ్యాంగంలో అలాంటి వివరణ లేదు. వివరణ లేనప్పుడు మాటల సహజార్థమే నిలుస్తుందని మాస్టారు అంటారు, ఆచరణకు కొంత చోటు ఉందని మరొకరు వాదించవచ్చు. హర్యానాలో 90 మంది సభ్యులకు 15 శాతం 13.5 కాగా, ముఖ్యమంత్రితో కలిపి 14 మందితో మంత్రివర్గాలు నడిచాయి.

విశ్రాంత_సెక్షన్_ఆఫీసర్

ఆచరణ ఉందన్నది నిజమే. కాని కంపెనీల చట్టంలోని వివరణ నా మాటకే బలం ఇస్తుంది. "కనీసం" అన్న చోట భిన్నాన్ని పైకి తీసుకుపోవాలని అది చెప్పింది. ఏడుగురు డైరెక్టర్లు ఉంటే 2.33కు ముగ్గురు, ఇద్దరు కాదు. దగ్గరి అంకె అయితే ఇద్దరే కదా. "మించరాదు" అన్న చోట అదే తర్కం కిందికి తీసుకువస్తుంది. హర్యానాలో 14 మంది 15.56 శాతం, ఆ సంఖ్యను "మించలేదు" అని ఏ భాషలోనూ అనలేం.

మాండవీ_తీరం

గోవాలో స్థిరపడిన తెలుగువాడిని. మా శాసనసభలో సభ్యులు 40 మంది. 15 శాతం అంటే ఆరుగురు. అయితే ఇక్కడ ముఖ్యమంత్రితో కలిపి 12 మంది ఉంటారు. మాస్టారి లెక్క ప్రకారం ఇది రెట్టింపు ఉల్లంఘన కావాలి. అప్పారావు గారి రెండో, మూడో వరుసలు రెండూ ఒకేసారి నిజమయ్యే సంఖ్య మాకు లేనే లేదు.

ఎక్సెల్_అప్పారావు

మంచి ప్రశ్న. నేను ఆ రెండు వరుసలనూ సమాన హోదాలో రాశాను, మూలంలో అవి సమానం కావు. 12కు తగ్గరాదన్నది "అయితే" అంటూ మొదటిదానికి మినహాయింపుగా వచ్చిన షరతు. రెండూ ఢీకొన్నప్పుడు మినహాయింపుదే పైచేయి. అందుచేత గరిష్ఠ హద్దును ఇలా రాయాలి.

```
limit = max(12, floor(15*t/100))
```

ఇందులో `floor` అంటే కింది పూర్ణాంకానికి దించడం, `max` అంటే రెండింటిలో పెద్దదాన్ని తీసుకోవడం. `t` 40 అయితే 12, 119 అయితే 17, 120 అయితే 18, 175 అయితే 26 వస్తుంది. సభలో 80 మంది కంటే తక్కువ ఉన్న రాష్ట్రాలలో 15 శాతం 12కు చేరదు కాబట్టి అక్కడ 12 దిగువ హద్దూ అవుతుంది, ఎగువ హద్దూ అవుతుంది. బాటసారి గారి అభ్యంతరం నిలిస్తే `floor` ఉన్న చోట మార్చాలి, తక్కినది అలాగే ఉంటుంది.

కృష్ణవేణి_గ్రూప్2

ఇప్పుడు చాలావరకు స్పష్టమైంది. చివరిగా ఒక సందేహం. 2018 డిసెంబర్‌లో తెలంగాణలో ముఖ్యమంత్రి, మరొక మంత్రి మాత్రమే ప్రమాణ స్వీకారం చేశారు, 2019 ఫిబ్రవరిలో పది మంది చేరి 12 అయ్యారు. "12కు తగ్గరాదు" అని ఉన్నప్పుడు మధ్యలోని రెండు నెలలు ఎలా చెల్లాయి? అక్కడ హద్దు సంఖ్య కాదు, చాలా దూరపు సంఖ్య కదా?

బార్_కౌన్సిల్_బాటసారి

పోలిక మాటల వరకు సందేహం లేదు, ఇద్దరు 12 కంటే తక్కువే. వివాదమంతా కాలం గురించి. మంత్రివర్గం ఏర్పడిన తొలి రోజు నుంచే 12 ఉండాలా, లేక ఏర్పాటు పూర్తి కావడానికి సముచిత సమయం ఉంటుందా అన్నది వాక్యం చెప్పలేదు. "నిర్ణీత గడువులోగా" వంటి మాట ఒక్కటి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. సముచిత సమయం ఉంటుందనే నేను అనుకుంటాను, ముఖ్యమంత్రి ఒక్కరే ముందుగా ప్రమాణం చేసే సంప్రదాయం చాలా రాష్ట్రాలలో ఉంది కాబట్టి.

విశ్రాంత_సెక్షన్_ఆఫీసర్

నాకు అలా అనిపించడం లేదు. కొద్ది రోజులైతే సరే, రెండు నెలలను ఏర్పాటు కాలం అనడం ఆ మాటకు భారమవుతుంది. దీనిపై మనిద్దరం ఏకాభిప్రాయానికి రాకపోవచ్చు.

కృష్ణవేణి గారూ, పరీక్ష వరకు మాత్రం ఇలా చేయండి. విలీనం ప్రశ్నలో "కనీసం మూడింట రెండు వంతులు" అన్న ఐచ్ఛికం ఉంటే దాన్నే గుర్తించండి, "కంటే ఎక్కువ" అన్నది పక్కనే ఉంటుంది, జాగ్రత్త. తెలంగాణ మంత్రుల గరిష్ఠ సంఖ్య అడిగితే 17, 18 రెండూ ఐచ్ఛికాలలో ఉన్నాయేమో చూడండి. 18 ఒక్కటే ఉంటే ప్రశ్న తయారు చేసినవారు పత్రికల లెక్కను అనుసరించారని అర్థం. రెండూ ఉంటే 17 గుర్తించి, తుది కీ 18 అని వస్తే 119లో 18 మంది 15.13 శాతం అన్న లెక్కతో అభ్యంతరం దాఖలు చేయండి.